కథ చివర్లో ఆగిపోయాను: పాత ప్రొఫైల్లో నిర్మల ఏం చెరపాలి?

వేణి (నిజాంపేట)

అందరికీ నమస్కారం. ఒక కథ రాస్తున్నాను, ఎనిమిది పేజీలయింది, ముగింపు దగ్గర నెల రోజులుగా ఆగిపోయాను. మీరు చదివి ఉన్నదున్నట్టు చెప్పండి, మెచ్చుకోవడం కోసం పెట్టడం లేదు.

నిర్మలకి ముప్ఫై ఆరేళ్ళు, స్కూల్లో లెక్కల టీచర్. మిర్యాలగూడ దగ్గర పల్లె వాళ్ళది. 2010లో అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి కంప్యూటర్ కోర్సు చేస్తున్నప్పుడు నెట్ సెంటర్లో ఫేస్‌బుక్ అకౌంట్ తెరిచింది. రెండేళ్ళు వాడి, పెళ్ళయ్యాక వదిలేసింది, తర్వాత మర్చిపోయింది కూడా. ఇప్పుడు 2024లో పదో తరగతి పిల్లాడొకడు ఫోన్ చూపించి "మేడమ్, ఇది మీరేనా?" అంటాడు. ట్యాంక్‌బండ్ మీద గాలికి చున్నీ మొహాన పడి నవ్వుతున్న ఫోటో. దాని కింద పుట్టిన తేదీ, ఊరి పేరు, అప్పటి ఫోన్ నంబరు. అన్నీ అందరికీ కనబడుతున్నాయి.

ఆ రాత్రి పాత డైరీ వెనక పేజీలో పాస్‌వర్డ్ దొరుకుతుంది. లోపలికి వెళ్ళి ఒక్కోటీ చెరుపుకుంటూ వస్తుంది. అలా 2010 ఆగస్టులో తను రాసిన ఒక మాట దగ్గరికి వస్తుంది. ఇది కథలోంచి:

"నాన్న మందులకని పంపిన నాలుగు వేలు పెట్టి శీనుగాడు ఫోన్ కొన్నాడు. ఇలాంటి తమ్ముడు పగవాడికి కూడా వద్దు." కింద పదకొండు కామెంట్లు. పది హాస్టల్ అమ్మాయిలవి. పదకొండోది శీనుది. "సారీ అక్కా. ఫోన్ అమ్మేసి డబ్బులు తెస్తా."

శీను 2014లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఆమె దగ్గర వాడు రాసిన మాట ఇంకెక్కడా లేదు. నా ముగింపు ఏమిటంటే, నిర్మల తన మాట చెరిపేసి తమ్ముడి కామెంటు మాత్రం ఉంచుకుంటుంది. ఆ ఒక్క వాక్యం తెర మీద మిగలడంతో కథ అయిపోతుంది. ఎందుకో నాకే తృప్తిగా లేదు.

లలిత (వనస్థలిపురం)

వేణీ, ముందు కంగారు పడకు. ఫోన్ నంబరు అందరికీ కనబడటం మంచిది కాదమ్మా, ఇవాళే తీసెయ్. సెట్టింగ్స్‌లోకి వెళ్తే అకౌంట్ డిలీట్ అని ఉంటుంది, నొక్కితే పీడ పోతుంది. మీ తమ్ముడి సంగతి చదివి చాలా బాధగా అనిపించింది. మా అక్క కొడుకు కూడా అలాగే బండి మీద పోయాడు.

వేణి (నిజాంపేట)

లలితక్కా, ఇది కథ, నా అకౌంట్ కాదు. నాకు తమ్ముడు లేడు. కానీ మీరు అలా నమ్మారంటే నాకు సంతోషమే. మీ అక్క కొడుకు గురించి విని మనసు అదోలా అయింది.

సుధాకర్ ఎస్

వేణి గారూ, కథ బాగుంది కాబట్టే చెప్తున్నా, మీ ముగింపు జరగదు. పోస్టు చెరిపితే దాని కింద ఉన్న కామెంట్లన్నీ దానితోపాటే పోతాయి. కామెంటు పోస్టుకి వేలాడుతూ ఉంటుంది, కొమ్మ నరికి కాయని గాల్లో ఉంచలేం కదా. నిర్మల ఆ బటన్ నొక్కితే శీను మాట కూడా పోయినట్టే. ఫేస్‌బుక్ వాడినవాళ్ళు ఎవరైనా మీ ఆఖరి పేజీ దగ్గర ఆగిపోతారు.

నిజానికి మీ కథకి ఇదే మేలు చేస్తుందని నాకనిపిస్తోంది. తన తప్పు చెరుపుకోవాలంటే తమ్ముడి క్షమాపణ కూడా చెరపాలి. రెండూ ఒకే ముడి.

హరి88

డిలీట్ ఎందుకసలు? పోస్టుకి 'నాకు మాత్రమే' అని పెడితే చాలు, కామెంట్లు చేసినవాళ్ళకి కూడా కనబడదు, వాళ్ళ కామెంట్లు ఎలాగూ ఆటోమేటిగ్గా పోతాయి. లేదంటే అకౌంట్ డీయాక్టివేట్ చేస్తే 30 రోజుల్లో అదే డిలీట్ అయిపోతుంది. నేను చేశాను.

సుధాకర్ ఎస్

హరి భాయ్, మొదటిది సగం కరెక్ట్. 'నాకు మాత్రమే' పెడితే ఇంకెవరికీ కనబడదు, నిజమే. కానీ కామెంట్లు ఎక్కడికీ పోవు. నిర్మల చూసినప్పుడు పదకొండూ అక్కడే ఉంటాయి.

రెండోది మాత్రం కాదు. డీయాక్టివేట్ అంటే తలుపు దగ్గరికి వేయడం, పదేళ్ళ తర్వాత లాగిన్ అయినా అన్నీ అలాగే ఉంటాయి. 30 రోజులు అనేది డిలీట్ కోరినప్పటి లెక్క. ఆ 30 రోజుల్లో లాగిన్ అయ్యి వద్దనుకోవచ్చు, ఆ గడువు దాటితే ఇక తిరిగి రాదు. వాళ్ళ సర్వర్లలో మొత్తం చెరిగేసరికి 90 రోజుల దాకా పట్టొచ్చు. అప్పుడు కూడా నిర్మల ఇతరులకి పంపిన మెసేజ్‌లు వాళ్ళ ఇన్‌బాక్సుల్లో ఉండిపోతాయి.

రఫీ (మలక్‌పేట)

ఈ కథ చదివితే నా ఆర్కుట్ గుర్తొచ్చింది. 2006లో తెరిచాను, దోస్తులు రాసిన స్క్రాపులు ఎన్ని ఉండేవో లెక్క లేదు. మా క్లాసులో ఒకడు, పేరు చెప్పను, ఇప్పుడు లేడు, రోజూ పొద్దున్నే వచ్చి "లేచినవా?" అని ఒక్క ముక్క రాసి పోయేవాడు. 2014 సెప్టెంబర్ 30న ఆర్కుట్ మూసేశారు. ఆ తర్వాత కూడా రెండేళ్ళు మన డేటా దింపుకునే వీలు ఇచ్చారు. నేను రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అంటూ ఉండిపోయాను. 2016లో ఆ తలుపు కూడా మూసేశారు. ఏం చెరపాలి అని ఆలోచించే అవకాశం ఉన్నందుకే నిర్మల అదృష్టవంతురాలు అనిపిస్తది నాకు.

వేణి గారూ, ఆమెతో ముందు కాపీ దింపించండి. నా మాట వినండి.

వేణి (నిజాంపేట)

సుధాకర్ గారూ, ఆ ఒక్క విషయం తెలియక నెల రోజులు తల బాదుకున్నాను. రఫీ భాయ్, "లేచినవా?" అనే మాట కథలో వాడుకోవచ్చా? మీరు వద్దంటే వాడను.

డౌన్‌లోడ్ గురించి ఒక ప్రశ్న. నిర్మల తన సమాచారమంతా దింపుకుంటే శీను కామెంటు కూడా వచ్చేస్తుందిగా? అప్పుడు నిశ్చింతగా పోస్టు చెరిపేయొచ్చు కదా?

రఫీ (మలక్‌పేట)

వాడుకోండి. పేరు మాత్రం పెట్టొద్దు.

సుధాకర్ ఎస్

అక్కడే చాలామంది దెబ్బతింటారు. దింపుకున్న దాంట్లో ప్రధానంగా మనం రాసినవి ఉంటాయి. మన పోస్టులు, ఇతరుల దగ్గర మనం పెట్టిన కామెంట్లు. మన పోస్టు కింద వేరేవాళ్ళు రాసింది వస్తుందని నమ్ముకోకూడదు. అది వాళ్ళ మాట, వాళ్ళ అకౌంట్ లెక్కలోకి వెళ్తుంది. నిర్మల ఆ ఫైలు విప్పితే తన తిట్టు చక్కగా తేదీతో సహా ఉంటుంది, శీను సారీ కనబడదు. కథకి పనికొస్తుందేమో చూడండి.

కాబట్టి ఆ కామెంటు కావాలంటే స్క్రీన్‌షాట్ ఒక్కటే దారి. పోస్టు, కామెంటు, తేదీ ఒకే తెర మీద పడేలా తీయాలి. ఇంకోటి, శీను అకౌంట్‌ని ఇంట్లోవాళ్ళు ఎప్పుడైనా తీసేయిస్తే నిర్మల ఏమీ చెరపకపోయినా ఆ కామెంటు మాయమవుతుంది. ఆమె చేతుల్లో ఉన్నది సగమే.

అయితే ప్రైవేటు మెసేజ్‌ల సంగతి వేరు. వాటిలో ఇద్దరి మాటలూ వస్తాయి. అక్కా తమ్ముడూ అప్పట్లో మెసేజ్‌లు పెట్టుకున్నారా?

వేణి (నిజాంపేట)

పెట్టుకున్నట్టు రాయొచ్చు. పుట్టినరోజుకి శీను తెలుగులో ఒక పెద్ద మెసేజ్ పెట్టాడని ఉంటే ఎలా ఉంటుంది?

చిన్ని

అక్కా, నాకు అప్పటి ఫోన్ల సంగతి అంతగా తెలీదు కానీ, మా బాబాయి పాత మెసేజ్‌లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. 2010లో నాలుగు వేల ఫోన్లో తెలుగు లిపి వచ్చేదా?

రఫీ (మలక్‌పేట)

ఎక్కువ ఫోన్లలో డబ్బాలే కనబడేవి చిన్నీ. తెలుగు రాయాలంటే నెట్ సెంటర్‌కి పోయి లేఖిని తెరిచేవాళ్ళం. పైడబ్బాలో ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే కిందిడబ్బాలో తెలుగు వచ్చేది, దాన్ని కాపీ చేసి పెట్టేవాళ్ళం. అంత కష్టపడి తెలుగులో పెట్టాడంటే అది మామూలు మెసేజ్ కాదు.

వేణి (నిజాంపేట)

రఫీ భాయ్, దొరికింది! మిగతా మెసేజ్‌లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో పొడిపొడిగా ఉంటాయి. ఆ ఒక్కటి మాత్రం గొడవ తర్వాత వచ్చిన పుట్టినరోజుకి నెట్ సెంటర్లో కూర్చుని లేఖినిలో కొట్టింది.

సుధాకర్ ఎస్

అయితే మీకు ఇంకో నిజమైన చిక్కు చూపిస్తాను. డౌన్‌లోడ్ కోరేటప్పుడు HTML, JSON అని రెండు రకాలు అడుగుతుంది. నిర్మల తెలియక రెండోది ఎంచుకుందనుకోండి. ఇంగ్లీషు అక్షరాల మెసేజ్‌లన్నీ బాగానే కనబడతాయి, తెలుగు మెసేజ్ మాత్రం పిచ్చి గీతల్లా వస్తుంది. పాడైపోయిందని ఏడుస్తారు చాలామంది. పాడవలేదు. ఒక్కో తెలుగు అక్షరానికి మూడు బైట్లు ఉంటాయి, ఆ ఫైల్లో ఆ మూడింటినీ మూడు వేర్వేరు అక్షరాలుగా రాసేశారు, అంతే. తెలుగైతే ఎప్పుడూ e0 తర్వాత b0 గానీ b1 గానీ వస్తుంది, దాన్నిబట్టి పట్టుకోవచ్చు. ఇది పైథాన్‌లో నడిపి చూడండి:

```python
s = "\u00e0\u00b0\u0085\u00e0\u00b0\u0095\u00e0\u00b1\u008d\u00e0\u00b0\u0095\u00e0\u00b0\u00be"
print(s.encode("latin-1").decode("utf-8"))
```

ప్రోగ్రామింగ్ రాకపోయినా ఫరవాలేదు, మళ్ళీ HTML రకం కోరితే తెలుగు తెలుగులాగే వస్తుంది.

చిన్ని

నడిపాను. "అక్కా" అని వచ్చింది. ఒళ్ళు జలదరించింది అన్నా.

విశ్రాంత మాస్టారు

అమ్మాయీ, సాంకేతికం నాకు తెలియదు, కథ గురించి చెప్తాను. నీ నిర్మల అన్నీ జాగ్రత్తగా దాచుకోవడం మీదే ఉంది. అసలు ప్రశ్న ఏమిటి? తమ్ముణ్ణి పదిమందిలో తిట్టింది. ఆ పదిమంది కామెంట్లు చదివావా నువ్వు? పది మంది ఆడపిల్లలు వాణ్ణి తలో మాటా అని ఉంటారు. ఆ మాట పద్నాలుగేళ్ళు అందరికీ కనబడుతూ ఉంది. వాడు బతికున్నప్పుడే తీసేయాల్సింది. ఇప్పుడైనా తీసేయడమే న్యాయం, వాడి సారీతో సహా. క్షమాపణ దాచుకుంటూ కూర్చుంటే వాడు దొంగగానే మిగిలిపోతాడు ఆ పేజీ మీద. నా ఓటు చెరపడానికే.

వేణి (నిజాంపేట)

మాస్టారూ, ఈ మాట నాకు తట్టలేదు. ఆ పది కామెంట్లూ నేను రాయనేలేదు, లెక్కగా పెట్టి వదిలేశాను. ఇవాళ కూర్చుని రాశాను. "మా తమ్ముడైతే కాళ్ళు విరగ్గొట్టేదాన్ని." "మీ నాన్నకి చెప్పవే." "ఇలాంటోళ్ళని ఇంట్లోకి రానివ్వకూడదు." రాస్తుంటే చేయి ఆడలేదు.

హరి88

ఎడిట్ చేస్తే పోలా? పోస్టులో మాట మార్చేసి, "శీను, నన్ను క్షమించు" అని పెడితే సరి. కామెంట్లు అలాగే ఉంటాయి.

సుధాకర్ ఎస్

ఎడిట్ చేయొచ్చు, కామెంట్లు ఉంటాయి, ఇది నువ్వు కరెక్టే చెప్పావు. పోస్టు దిద్దుకునే వీలు 2013లో వచ్చింది, పాతవాటిని కూడా దిద్దొచ్చు. కానీ ఎడిట్ హిస్టరీ అని ఉంటుంది. పోస్టు కనబడేవాళ్ళు ఎవరైనా దాన్ని తెరిచి పాత మాట చదవొచ్చు. అయినా నాకు కథగా ఇది నచ్చలేదు. పైన "నన్ను క్షమించు" అని అక్క, కింద "సారీ అక్కా" అని తమ్ముడు, మధ్యలో ఆ అమ్మాయిల తిట్లు. వాళ్ళెవర్ని తిడుతున్నట్టు?

లలిత (వనస్థలిపురం)

వేణీ, ఇప్పుడు కథ అని అర్థమైంది, మళ్ళీ మొదటినుంచీ చదివాను. నాదొక మాట. ఫోటోల సంగతి ఎవరూ మాట్లాడరేం? హాస్టల్ ఫోటోల్లో రూమ్మేట్లు ఉంటారు కదా. వాళ్ళకిప్పుడు పెళ్ళిళ్ళయి, పిల్లలు పుట్టి ఉంటారు. అప్పట్లో ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారో ఇప్పుడు చూసేవాళ్ళకి వేరేగా అనిపించొచ్చు. మా ఇంట్లో ఒక సంబంధం ఇలాంటి పాత ఫోటో వల్లే తప్పిపోయేదాకా వచ్చింది. వాళ్ళని అడగకుండా ఉంచడం నాకు సబబు అనిపించదు.

చిన్ని

లలితక్క చెప్పింది చాలా ముఖ్యం. మనకి అది జ్ఞాపకం, ఆ ఫోటోలో ఉన్నవాళ్ళకి కాకపోవచ్చు. ఒకవేళ వేరేవాళ్ళు పెట్టిన ఫోటోలో నిర్మల ఉంటే? దాన్ని తను తీసేయగలదా?

సుధాకర్ ఎస్

తీయలేదు. తన ట్యాగ్ తీసుకోవచ్చు, అప్పుడు తన పేరు మీద దొరకదు, ఫోటో మాత్రం పెట్టినవాళ్ళ దగ్గర ఉంటుంది. వాళ్ళనే అడగాలి. తను పెట్టినవైతే ట్రాష్‌లోకి పంపితే 30 రోజులు అక్కడ ఉంటాయి, మనసు మారితే ఈలోపు వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఇంకా అన్నిటికంటే ముందు చేయాల్సిన పని కథలో లేదు. ఫోన్ నంబరు. నంబరు వదిలేశాక కనీసం 90 రోజులు ఆపి ఇంకొకరికి ఇస్తారు. 2012లో వదిలేసిన నంబరు ఈపాటికి ఎవరి జేబులో ఉందో. పాస్‌వర్డ్ మర్చిపోయాను అని ఎవరైనా నొక్కితే కోడ్ వాళ్ళకి పోతుంది, వాళ్ళు నిర్మల అయిపోతారు. అప్పటి యాహూ మెయిల్ కూడా ఏడాది వాడకపోతే మూతపడుతుంది కాబట్టి అదీ దిక్కు కాదు. ముందు ఇప్పటి మెయిల్ చేర్చాలి, తర్వాత పాత నంబరు తీయాలి. తలకిందులుగా చేస్తే తనే బయట ఉండిపోతుంది.

డైరీలో పాస్‌వర్డ్ దొరికినంత మాత్రాన లోపలికి రానిస్తుందా అనేది కూడా చెప్పలేం. కొత్త ఫోన్, పన్నెండేళ్ళ విరామం. రానివ్వొచ్చు, ఇంకేదో రుజువు అడగొచ్చు. కథకుడిగా మీరు రానివ్వండి.

వేణి (నిజాంపేట)

రెండు రాత్రులు కూర్చుని ముగింపు మళ్ళీ రాశాను. పెడుతున్నాను.

*మెయిల్ చేర్చింది. నంబరు తీసేసింది. పుట్టిన తేదీలో సంవత్సరం తీసేసింది. హాస్టల్ ఫోటోలు పద్దెనిమిది ఉన్నాయి. నాగమణికి ఫోన్ చేస్తే పదేళ్ళ తర్వాత ఆ గొంతు విని కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. "నావి తీసెయ్యవే, ఒక్కటి మాత్రం నాకు పంపించు, లుంబినీ పార్కులో మొక్కజొన్న పొత్తు తింటున్నది" అంది. ఆ ఒక్కటీ పంపి మిగతావి ట్రాష్‌లో వేసింది.*

*తర్వాత శీను మెసేజ్. రెండోసారి దింపుకున్న ఫైల్లో తెలుగులో వచ్చింది. "అక్కా లేఖినిలో కొడుతున్నా. గంటకి పదిహేను రూపాయలు. పుట్టినరోజు శుభాకాంక్షలు. ఫోన్ ఎవరూ కొనట్లేదు, సగానికి అడుగుతున్నారు. అమ్మినాక వస్తా. నువ్వు లేచినవా తిన్నవా. టైమ్ అయిపోతుందంట మళ్ళీ" అని ఉంది, అంతే. ఆ తర్వాత ఏం రాయబోయాడో.*

*ఆగస్టు పోస్టు తెరిచింది. పదకొండు కామెంట్లూ కిందికీ పైకీ రెండుసార్లు చదివింది. స్క్రీన్‌షాట్ తీసింది. పోస్టు పక్కన ఉన్న భూగోళం బొమ్మ మీద నొక్కితే ఎవరు చూడాలి అని అడిగింది. 'నాకు మాత్రమే' దగ్గర వేలు ఆగింది. అలా పెడితే పిల్లలు చూడరు, స్టాఫ్ రూములో ఎవరూ చూడరు. శీను కూడా చూడలేడు. దాని పైన 'స్నేహితులు' అని ఉంది. నూట పన్నెండు మంది. ఆ లిస్టులో కిందికి వెళ్ళింది. శ దగ్గర వాడున్నాడు, కొత్త ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని.*

*'స్నేహితులు' నొక్కింది. తర్వాత కింద పన్నెండో కామెంటు రాయడానికి డబ్బా తెరిచి, శీను పేరు కొట్టింది.*

రఫీ (మలక్‌పేట)

నేనింక ఏం మాట్లాడను. బాగా రాశారు. శీను ఫోటోలో ఫోన్ పెట్టారు చూడండి, అక్కడ ఆగిపోయాను.

విశ్రాంత మాస్టారు

చదివాను. నా మాట నేను వెనక్కి తీసుకోను. ఆ పది మంది ఆడపిల్లల తిట్లు ఇంకా అక్కడే ఉన్నాయి, నూట పన్నెండు మందికి కనబడుతున్నాయి. తన పోస్టు కింద ఎవరి కామెంటయినా తను తీసేయగలదా సుధాకర్?

సుధాకర్ ఎస్

తీయగలదు మాస్టారూ. తన పోస్టు కింద ఎవరు రాసినదైనా ఒక్కొక్కటిగా తీసేయొచ్చు. పదీ తీసేసి శీనుది మాత్రం ఉంచొచ్చు.

వేణి (నిజాంపేట)

అయ్యో, ఇది ముందు తెలిసుంటే. ఆ పదీ తీసేస్తే పైన అక్క, కింద తమ్ముడు, ఇద్దరే మిగులుతారు. కానీ ఆ అమ్మాయిల మాటలు తుడిచేస్తే నిర్మల తనొక్కతే అన్నట్టు అవుతుంది, వాళ్ళందరినీ వాడి మీదికి పిలిచింది తనేననే సంగతి కనబడకుండా పోతుంది. నాగమణి కూడా ఆ పదిమందిలో ఉంది, ఆమెతో ఫోన్లో ఈ మాట రానేలేదు. ఆ సీను మళ్ళీ రాయాలి. రేపు స్కూలు ఉంది, ఆదివారం పెడతాను.

లలిత (వనస్థలిపురం)

నాగమణితోనే తీయించు వేణీ. తన కామెంటు తనే తీసుకోనీ.